వృద్ధులలో కండర క్షీణత గుర్తింపు: పిక్క చుట్టుకొలత, అవయవ కండర అంచనాల అన్వయం - వరంగల్ ప్రాంత సందర్భం

వయసు పెరిగేకొద్దీ కండరం పరిమాణంలోనూ బలంలోనూ తగ్గిపోవడాన్ని వైద్యశాస్త్రం ‘సార్కోపీనియా’ అంటుంది. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ ఈ పేరును ప్రతిపాదించాడు. ఈ స్థితిని నిర్ధారించడానికి చేతులు, కాళ్ళలోని కొవ్వేతర మృదుకణజాలాన్ని డెక్సా యంత్రంతో కొలుస్తారు. ఆ కిలోలను మీటర్లలో తీసుకున్న ఎత్తు వర్గంతో భాగిస్తే అవయవ కండర సూచిక వస్తుంది. ఈ యంత్రాన్ని వర్ధన్నపేట, పర్వతగిరి వంటి మండలాల గ్రామాలకు మోసుకుపోవడం సాధ్యం కాదు. కనుక అక్కడ తొలి జల్లెడగా ఉపయోగపడేది సాగని కొలత టేపు ఒక్కటే. అయితే టేపు చూపే అంకెను ఉన్నదున్నట్టు నమ్మితే కొందరు ప్రమాదంలో ఉన్నవారు తప్పిపోతారు, మరికొందరికి లేని వ్యాధి అంటగట్టబడుతుంది.

కొలిచే విధానం

ఆసియా సార్కోపీనియా కార్యవర్గం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పిక్క చుట్టుకొలత పురుషులలో 34 సెంటీమీటర్లకు, స్త్రీలలో 33 సెంటీమీటర్లకు తక్కువగా ఉంటే తదుపరి పరీక్షలకు పంపాలి. వృద్ధుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు లంబకోణంలో ఉండేట్టు, పాదాలు నేలపై ఆనేట్టు చూడాలి. పంచె లేదా చీర కుచ్చిళ్ళు మోకాలి వరకు తొలగించి, టేపును పిక్కపై పైకీ కిందికీ జరుపుతూ అత్యధిక కొలత వచ్చిన చోట ఆపాలి. టేపు కాలికి అడ్డంగా, చర్మాన్ని నొక్కకుండా ఉండాలి. రెండుసార్లు కొలిచినప్పుడు అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవడం మంచిది.

ఇదే మార్గదర్శకం రెండు కాళ్ళలో పెద్ద కొలతను తీసుకొమ్మంటుంది. ఆరోగ్యవంతమైన కాళ్ళకు ఈ నియమం సరిపోతుంది. తెలంగాణ మాత్రం బోదకాలు వ్యాధి చిరకాలంగా ఉన్న ప్రాంతం. ఆ బాధితులకు ఇక్కడ ఆసరా పింఛను కూడా ఉంది. తొలిదశ బోదకాలులో వాపు ఒక కాలికే పరిమితమై, చూపుకు స్వల్పంగానే కనిపించవచ్చు. అప్పుడు ‘పెద్ద కొలత’ అనే నియమం వాచిన కాలినే ఎంచుకుంటుంది, కండరం తరిగిన మనిషి నిక్షేపంగా ఉన్నట్టు నమోదవుతాడు. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల వచ్చే నీటి వాపుతోనూ ఇదే చిక్కు. అందుచేత టేపు చుట్టడానికి ముందే ముంగాలి ఎముకపై బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి గుంట పడుతుందేమో చూడాలి. బోదకాలు ముదిరితే చర్మం గట్టిపడి గుంట పడకపోవచ్చు. కాబట్టి రెండు కాళ్ళ కొలతల తేడాను కూడా రాసుకోవాలి. వాపు ఉన్నట్టు తేలితే పిక్క కొలతను పక్కనబెట్టి నేరుగా బల పరీక్షలకు వెళ్ళడమే సబబు.

కొవ్వు కలిగించే భ్రమ

పిక్కలో కండరంతోపాటు చర్మం కింది కొవ్వు కూడా ఉంటుంది, టేపు ఈ రెంటినీ వేరు చేయలేదు. పైగా భారతీయులలో ఒకే శరీర ద్రవ్యరాశి సూచిక వద్ద ఐరోపీయుల కంటే కొవ్వు ఎక్కువగా, కండరం తక్కువగా ఉంటుందని అనేక అధ్యయనాలు చూపాయి. ఈ లోపాన్ని సవరించడానికి అమెరికా జాతీయ సర్వే సమాచారం ఆధారంగా 2021లో ఒక పద్ధతి వెలువడింది. శరీర ద్రవ్యరాశి సూచిక 25 నుంచి 29.9 వరకు ఉంటే పిక్క కొలత నుంచి 3 సెంటీమీటర్లు, 30 నుంచి 39.9 వరకు ఉంటే 7 సెంటీమీటర్లు తీసివేయాలి. 18.5 కంటే తక్కువైతే 4 సెంటీమీటర్లు కలపాలి.

ఈ సవరణ ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ వికటిస్తుందో రెండు ఊహాత్మక ఉదాహరణలతో పరిశీలించవచ్చు. హనుమకొండలో నివసించే 68 ఏళ్ల స్త్రీ ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 63 కిలోలు అనుకుందాం. ఆమె శరీర ద్రవ్యరాశి సూచిక 28. పిక్క కొలత 34.5 సెంటీమీటర్లు కనుక 33 అనే గీటును ఆమె సులువుగా దాటుతుంది. 3 తీసివేస్తే మిగిలేది 31.5, అంటే ఆమె జల్లెడలో చిక్కుతుంది. బయో ఇంపిడెన్స్ యంత్రం అవయవ కండరాన్ని 12.2 కిలోలుగా చూపితే, దాన్ని 2.25తో భాగించగా 5.4 వస్తుంది. ఈ యంత్రానికి స్త్రీల గీటు 5.7, పురుషుల గీటు 7.0. ఆమె చేతి పట్టు 16 కిలోలు (గీటు 18), కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టిన సమయం 15 సెకన్లు (గీటు 12). కండరమూ, బలమూ రెండూ తగ్గాయి కనుక ఇది సార్కోపీనియాయే. సవరణ లేకుండా చూస్తే ఆమె తొలి మెట్టులోనే ‘ఆరోగ్యవంతురాలు’గా వెళ్ళిపోయేది.

రెండో వ్యక్తి పత్తి చేలల్లో కూలిపని చేసిన 66 ఏళ్ల పురుషుడు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు, సూచిక 17.6. పిక్క కొలత 31 సెంటీమీటర్లు. దీనికి 4 కలిపితే 35 అవుతుంది, అతడు గీటు దాటిపోతాడు. కాని అవయవ కండరం 18 కిలోలైతే సూచిక 6.6 మాత్రమే, అంటే 7.0 కంటే తక్కువ. ఇక్కడ సవరణ అతని కృశత్వాన్ని కప్పిపుచ్చింది. పోషకాహార లోపం విస్తృతంగా ఉన్న సమాజంలో కలిపే సవరణను వాడకపోవడమే క్షేమం. మరో విశేషం, ఇతని చేతి పట్టు 30 కిలోలు (గీటు 28), కుర్చీ పరీక్షకు పట్టిన సమయం 10 సెకన్లు. కండరం తక్కువే అయినా బలం నిలిచి ఉంది కనుక ఇది సార్కోపీనియా కాదు. ఇతనికి ఆహారం, క్షయ, మధుమేహం వంటి కారణాలను వెతకాలి.

అవయవ కండర అంచనా పరిమితులు

బయో ఇంపిడెన్స్ యంత్రం కండరాన్ని నేరుగా కొలవదు. శరీరంలో ప్రవహించే స్వల్ప విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధాన్ని కొలిచి, ఒక సమీకరణం ద్వారా కండరాన్ని లెక్కగడుతుంది. ఆ సమీకరణం ఏ జనాభాపై తయారైందో ఆ జనాభాకే అది బాగా నప్పుతుంది. శరీరంలో నీరు ఎక్కువైతే కండరం ఎక్కువగా, వేసవిలో నిర్జలీకరణ జరిగితే తక్కువగా కనిపిస్తుంది. వరంగల్ ఎండల్లో పొలం నుంచి వచ్చిన మనిషిని వెంటనే యంత్రంపై నిలబెట్టడం తగదు. ఉదయం పరగడుపున, మూత్ర విసర్జన తరువాత కొలవడం మేలు. గ్రామీణ వృద్ధ స్త్రీల కాళ్ళ కడియాలను వీలైతే తీయించాలి, లేకుంటే ఆ సంగతి నమోదు చేయాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి ఈ పరీక్ష చేయరాదు.

యంత్రం లేనిచోట శరీర కొలతల ఆధారిత సమీకరణాలు మరో మార్గం. ఈ విషయంలో తెలుగు నేలకే చెందిన ఆధారం ఒకటి ఉంది. హైదరాబాదు ప్రాంతంలో సాగుతున్న ‘ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ’లోని 2,220 మంది సమాచారంతో భారతి కులకర్ణి, సహ పరిశోధకులు డెక్సాను ప్రమాణంగా తీసుకుని భారతీయులకు అవయవ కండర అంచనా సమీకరణాలను 2013లో ప్రచురించారు. పరాయి జనాభా నుంచి అరువు తెచ్చుకున్న సమీకరణం కంటే ఇది వరంగల్ రైతు శరీరానికి దగ్గరగా ఉంటుంది. అయితే అందులో పాల్గొన్నవారు 18 నుంచి 79 ఏళ్ల వయసువారు. అది వృద్ధుల కోసమే రూపొందినది కాదు. 70 దాటినవారిలో కండరంలోకి కొవ్వు చొచ్చుకుపోవడం, వెన్ను వంగి ఎత్తు తగ్గడం వంటివి లెక్కను దారి తప్పించగలవు. ఎత్తు రెండు సెంటీమీటర్లు తగ్గితే అదే కండరానికి సూచిక పెరిగినట్టు కనిపిస్తుంది. అందువల్ల గూని ఉన్నవారిలో మోకాలి ఎత్తు నుంచి అసలు ఎత్తును అంచనా వేసుకుని, ఆ తరువాతే భాగాహారానికి దిగాలి.