జోర్డాన్ రూపం: బహుపదుల దారిలో

సదిశాంతరాళం V మీద పనిచేసే చతురస్ర మాత్రిక A ని తీసుకుందాం. ఏ సదిశ v కైనా x·v అంటే Av అని నిర్ణయించుకుంటే, (x² + 5)·v అంటే A²v + 5v అవుతుంది. ఇలా బహుపదులు సదిశలను గుణించడం మొదలవుతుంది. V ఇక బహుపదుల వలయం C[x] మీద మాడ్యూల్. మాత్రిక గురించిన ప్రశ్న మాడ్యూల్ గురించిన ప్రశ్నగా మారిపోయింది.

పూర్ణాంకాల్లో లాగే C[x] లోనూ శేషంతో భాగహారం కుదురుతుంది. అందుకే పరిమిత ఎబీలియన్ సమూహాలను విడగొట్టే సిద్ధాంతమే ఇక్కడా పనికొస్తుంది. V పరిమాణం పరిమితం కనుక v, Av, A²v... ఎక్కడో ఒకచోట పరస్పరాధారితం కాక తప్పదు. పైగా సంకీర్ణ సంఖ్యల్లో ప్రతి బహుపదీ ఏకఘాత కారణాంకాలుగా విడిపోతుంది. కాబట్టి V అంతా C[x]/(x−λ)ᵏ రూపంలోని ముక్కల మొత్తం. వాస్తవ సంఖ్యలకే పరిమితమైతే x² + 1 విడిపోదు, జోర్డాన్ రూపమూ దొరకదు.

ఒక ముక్కకు (x−λ)ᵏ⁻¹, ..., (x−λ), 1 అనే ఆధారాన్ని ఎంచుకోవాలి. x = λ + (x−λ) కనుక, x తో గుణిస్తే ప్రతి సభ్యం λ రెట్లై, దానికి ముందున్న సభ్యం ఒకటి కలుస్తుంది. మొదటిదానికి ముందు ఏమీ లేదు, ఎందుకంటే (x−λ)ᵏ ఇక్కడ సున్న. వికర్ణంలో λ, దాని పైన 1: జోర్డాన్ ఖండం ఇదే. పాఠ్యపుస్తకాలు పేజీలకొద్దీ సాగదీసే నిరూపణ ఇక్కడ ఒక గుణకారంతో తేలిపోతుంది.

ఉదాహరణకు, వరుసలు (3, 1), (−1, 1) గా ఉన్న A ని చూద్దాం. xI − A వరుసలు (x−3, −1), (1, x−1). మూలకాల్లో 1 ఉంది కనుక వాటి గ.సా.భా. 1; నిర్ధారకం (x−3)(x−1) + 1 = (x−2)². అంటే మాడ్యూల్ C[x]/(x−2)² అనే ఒకే ముక్క. e = (1, 0) దాని జనకం. (A−2I)e = (1, −1) మొదటి ఆధార సదిశ, e రెండోది. సరిచూస్తే A(1, −1) = 2(1, −1); Ae = (3, −1) = 2e + (1, −1).

పెద్ద మాత్రికల్లో తొందరపడితే పొరపాటే. 4×4 మాత్రికకు లాక్షణిక బహుపది (x−2)⁴, కనిష్ఠ బహుపది (x−2)² అయినా ఖండాలు 2, 2 కావచ్చు. 2, 1, 1 కూడా కావచ్చు. A−2I ర్యాంకు చూస్తే తేడా తెలుస్తుంది: మొదటిదానికి 2, రెండోదానికి 1.

కంప్యూటర్ లెక్కల్లో ఇబ్బంది మరో రకం. పై 2×2 మాత్రికలో చివరి 1 బదులు 1.0001 పడితే నిర్ధారకం పూర్ణవర్గంగా ఉండదు. మూలాలు దాదాపు 2 ± 0.01i గా చీలిపోతాయి, ఖండం మాయమై వికర్ణ మాత్రిక మిగులుతుంది. అందుకే దశాంశాలతో వచ్చిన మాత్రికకు జోర్డాన్ రూపం లెక్కగట్టరు; భిన్నాలను యథాతథంగా ఉంచే బీజగణిత లెక్కల్లోనే దాన్ని వాడతారు.