పాడైన రోడ్డుపై మున్సిపాలిటీకి అర్జీ

పాడైన రోడ్డు గురించి మున్సిపల్ కమిషనర్‌కు రాసే అర్జీలో మొదట తేల్చాల్సింది ఆ రోడ్డు ఎవరిదన్నది. ఊరి మధ్య నుంచి వెళ్లే పెద్ద రోడ్డు చాలాచోట్ల ఆర్‌ అండ్‌ బీ శాఖది. అలాంటి అర్జీ మున్సిపాలిటీలో ఇస్తే బల్లలు మారడమే తప్ప పని జరగదు.

ఒక వీధిని ఊహించుకుందాం. మంచినీటి పైపు కోసం తవ్విన కందకాన్ని వదులు మట్టితో పూడ్చారు. వానకు అది కుంగింది. ‘రోడ్డు అధ్వానంగా ఉంది’ అంటే ఇంజనీరుకు ఏమీ తెలియదు. వార్డు నంబరు, ఫలానా గుడి నుంచి ఫలానా బడి వరకు 40 మీటర్ల పొడవు, జానెడు లోతు, తవ్విన నెల రాసి, ఫొటో జతచేస్తే అంచనా వేయడం తేలిక. నష్టం చెప్పేటప్పుడూ అంతే: బడి ఆటో వీధి మొదట్లోనే ఆగిపోతోంది, ఫలానా రోజున స్కూటరు జారి ఒకరికి చెయ్యి విరిగింది. తిట్లు అక్కర్లేదు.

కోరిక అన్నిటికంటే కీలకం. ‘మరమ్మతు చేయండి’ అంటే గుంతలో కంకర పోసి వెళ్తారు. కందకాన్ని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలని, పక్క కాలువ పూడిక తీయాలని, ఆ తర్వాతే సిమెంటు వేయాలని అడగాలి. నీరు నిలిచే చోట ఏ అతుకూ నిలవదు.

అర్జీ నకలుపై తేదీ, ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవాలి. జవాబు రాకపోతే, ఆ నంబరు చూపి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దానికి గడువు 30 రోజులు.