కొత్త గోడకు బీటలెందుకు పడ్డాయి?

మన కాలేజీ సాయిల్ మెకానిక్స్ ల్యాబులో ప్రాక్టర్ అచ్చు పట్టుకోని సివిల్ విద్యార్థి ఉండడు. మూడు పొరలు, పొరకు ఇరవై అయిదు దెబ్బలు, చివర ఒక గ్రాఫు. రికార్డులో సంతకం పడితే మన పని అయిపోయినట్లే. నాదీ అలాగే అయిపోయింది. ఆ ప్రయోగం ఎందుకు చేయించారో నాకు బోధపడింది మాత్రం ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, గోదావరిఖని దగ్గర ఒక ప్రహరీగోడ ముందు నిలబడినప్పుడు.

ఆ గోడ కొన్ని క్వార్టర్ల చుట్టూ కట్టింది. నేను చూసుకోవలసిన ముక్క తొంభై మీటర్లు. తొమ్మిదంగుళాల ఇటుకగోడ, ఎత్తు ఆరడుగులు, పునాది లోతు రెండడుగులు. మే నెలలో పూర్తయింది. జూలైలో నాలుగు మంచి వానలు పడ్డాక చూస్తే 41వ మీటరు దగ్గర ఒక బీట, 46వ మీటరు దగ్గర మరొకటి. మిగతా గోడంతా అద్దంలా ఉంది.

మా పెద్దమేస్త్రీ చూసి, "కింద బాయి ఉన్నది గద సారూ, భూమి దిగుతది" అన్నాడు. ఆ ప్రాంతంలో ఏ గోడ పగిలినా ముందు వచ్చే మాట ఇదే. తీసిపారేయదగ్గ మాటా కాదు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలితే ఆ కుంగుబాటు నేలమీదికి రావచ్చు. కంట్రాక్టరు తరఫు మనిషికి ఈ మాట బాగా నచ్చింది. భూమిదే తప్పయితే మనదేం లేదు కదా! "బీటల్లో సిమెంటు పాలు పోసి సున్నం కొట్టిద్దాం" అన్నాడు.

నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఆ బీటల ఆకారమే. రెండూ ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా ఎక్కాయి. ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు వాలి, రెండూ కలిసి గుడి శిఖరంలా కనిపించాయి. అడుగున ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నబడి చివర వెంట్రుకవాసి. దీని అర్థం ఏమిటంటే, మధ్యలో పునాది కింద ఆధారం పోయింది. రెండు పక్కలా గట్టినేల ఉంది. గోడ ఆర్చిలాగా ఆ ఖాళీని దాటుకుని నిలబడింది. ఆర్చి కింద మిగిలిన త్రికోణం మాత్రం కిందికి జారింది. డంపీ లెవెల్ పెట్టి చూస్తే 43వ మీటరు దగ్గర గోడ 28 మిల్లీమీటర్లు దిగింది. అటూ ఇటూ నాలుగు మీటర్లు పోతే ఏమీ లేదు.

గని కుంగుబాటు ఇంత ఇరుకుగా ఉండదు. వంద మీటర్ల లోతున బొగ్గు తీస్తే పైన ఏర్పడే పళ్ళెం కూడా ఆ కొలతలోనే, ఒక్కోసారి అంతకు మించి, విశాలంగా ఉంటుంది. పక్క రోడ్డు, డ్రెయిను కూడా వంగాలి. అవి చెక్కుచెదరలేదు. అయితే పని నేలకు బాగా దగ్గరగా జరిగిన చోట ఉన్నట్టుండి బావిలాంటి గుంత పడే ప్రమాదం ఉంది. అందుచేత సర్వేయరును బతిమాలి ప్లాను చూశాను. గోడ కింద పని జరగనే లేదు. నల్లరేగడి అనుకుందామంటే, దాని పొంగు, కుదింపు గోడ పొడవునా అక్కడక్కడ కనబడతాయి గాని అయిదు మీటర్లలో దాక్కోవు.

బీటలకు అడ్డంగా సన్నని గాజుముక్కలు సిమెంటుతో అంటించి తేదీ రాశాను. తొమ్మిదో రోజు, రాత్రి వాన కురిశాక, రెండూ పుటుక్కుమన్నాయి. అంటే కదలిక ఇంకా ఆగలేదు, అదీ నీళ్ళు దిగినప్పుడల్లా జరుగుతోంది.

ముడి విప్పింది వాచ్‌మన్ తాత. ఒకప్పుడు గనిలో స్టోయింగ్ పని చేసిన మనిషి. బొగ్గు తీసిన ఖాళీల్లోకి గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి గొట్టాల ద్వారా పంపి నింపడమే స్టోయింగ్. నీరు కారిపోతుంది, ఇసుక సర్దుకుని గట్టిపడుతుంది. తాత అన్నాడు: "గాడ నీళ్ళ పైపు కాలువ పోయింది బిడ్డా. ఎండకాలంల పూడ్చిన్రు. ఒక్క బొట్టు నీళ్ళు పొయ్యలె. బాయిల మేం ఇట్ల నింపితే సర్దారు ఊకునేటోడా?"

43వ మీటరు దగ్గర పునాది పక్కన గుంత తవ్వించాం. రెండు మీటర్ల లోతు పైపు కాలువ గోడను అడ్డంగా దాటిపోతోంది. అంటే పునాది అడుగున ఇంకా దాదాపు 1.4 మీటర్ల పూడిక. అందులో పిడికిలంత బంకమట్టి గడ్డలు, మొరం, వాటి నడుమ వేలు దూరే సందులు. ఎండలో గడ్డ రాయిలా ఉండి గోడను మోసింది. తడవగానే మెత్తబడి సందుల్లోకి కూలింది. తాత చెప్పిన ఇసుకకూ దీనికీ తేడా ఇదే. ఇసుక నీళ్ళలో సర్దుకుంటుంది, బంకమన్ను సర్దుకోదు, దాన్ని కొట్టి సర్దాలి.

మొరం ఉంది గనుక కోర్ కట్టర్ దిగదు. ఇసుక పోసే పద్ధతి పట్టాను. పూడికలో చిన్న గుంత తవ్వి, వచ్చిన మట్టి తూచాను, 1,986 గ్రాములు. జల్లించిన ఇసుకతో ఆ గుంత నింపితే 1,740 గ్రాములు పట్టింది. ఆ ఇసుక ఘన సెంటీమీటరుకు 1.45 గ్రాములు తూగుతుంది, కాబట్టి గుంత 1,200 ఘన సెంటీమీటర్లు. తడి సాంద్రత 1.655. తేమ 12 శాతం తీసేస్తే పొడి సాంద్రత 1.48. అదే మట్టిని ప్రాక్టర్ అచ్చులో కొడితే 14 శాతం తేమ దగ్గర 1.76 వచ్చింది. అంటే మా పూడిక 84 శాతం. స్పెసిఫికేషనులో ఉన్నది 95.

1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ మట్టికట్టల పనిలో రాసిపెట్టిన సంగతి ఇదే. మరీ పొడి మట్టిలో రేణువులు ఒకదానిపై ఒకటి జారవు, ఎంత కొట్టినా సందులు మిగులుతాయి. మరీ తడిస్తే ఆ సందుల్ని నీళ్ళే ఆక్రమిస్తాయి. నడుమ ఒక తేమ దగ్గర మట్టి బాగా కూరుకుంటుంది. మేలో ఆ నీళ్ళు కలపకుండా, మీటరు మందం మట్టి ఒకేసారి దొర్లించి పైన నాలుగు దెబ్బలు వేశారు. ఆ దెబ్బ అరడుగు కిందికి కూడా చేరదు.

ఇక్కడివరకు నేను డిటెక్టివులా సంబరపడ్డాను. తర్వాత మెజర్‌మెంటు బుక్కు తెరిచాను. "పైపు కాలువ పూడిక, 20 సెంటీమీటర్ల పొరలుగా, తడిపి, దిమ్మిస కొట్టి" అన్న పద్దు ఎదురుగా ఉన్న పొట్టి సంతకం నాదే. ఆ మధ్యాహ్నం ఎండ నలభై అయిదు డిగ్రీలు. ట్యాంకరు రాలేదు. సైటుకు పోకుండానే గుమాస్తా తెచ్చిన పుస్తకంలో పెట్టాను. పై ఇంజనీరు గారికి రిపోర్టు రాసేటప్పుడు ఆ పేరా నాలుగుసార్లు కొట్టేసి అయిదోసారి ఉంచాను. ఆయన చదివి, "ల్యాబు రిపోర్టు ఎక్కడయ్యా?" అని మాత్రం అడిగారు. ఆ పూడికకు అసలు పరీక్షే చేయలేదు.

ఏడు మీటర్ల గోడ విప్పేశాం. పైపు దాకా చేతితో తవ్వి, గడ్డలు చితక్కొట్టి, 15 సెంటీమీటర్ల పొరలుగా పూడ్చాం. తేమ చూడడానికి ప్రతిసారీ ల్యాబు అక్కర్లేదు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నడుమెత్తు నుంచి వదిలితే రెండుమూడు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలితే నీళ్ళు చాలలేదు, నేలకు అతుక్కుంటే ఎక్కువయ్యాయి. పొర పొరకూ ఇసుక పరీక్ష పెట్టాను. ఒక పొర 91 శాతం వస్తే తీయించి మళ్ళీ కొట్టించాను. మేస్త్రీ గొణిగాడు. పైన కాలువను దాటేలా కాంక్రీటు దూలం వేసి, రెండు కొసలూ ఒక్కొక్క మీటరు కదలని నేలమీద ఆనించాం. కొత్త ముక్కకూ పాతదానికీ నడుమ సందు వదిలాం.

ఆ సందుకు అడ్డంగా మళ్ళీ గాజుముక్కలు పెట్టి తేదీ రాశాను. మరుసటి ఏడు సెప్టెంబరులో బదిలీ అయి వచ్చేస్తూ చూశాను. ఒకటి ఎవరో పిల్లవాడు రాయితో కొట్టాడు. రెండోది అలాగే ఉంది.