కురుల మెరుపులో దీపాల వాటా

తలనూనె ప్రకటనలో అమ్మాయి తల ఇటు తిప్పగానే నడుము దాటిన నల్లని జుట్టు అలలా లేచి, నిగనిగలాడుతూ భుజం మీద వాలుతుంది. ఆ మెరుపులో సీసాలోని సరుకు వాటా కొంతే, దీపాల వాటా ఎక్కువ. అందులో తప్పేమీ లేదు. ‘వాడకముందు’, ‘వాడిన తర్వాత’ అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, వాటిని రెండు రకాల వెలుతురులో తీస్తేనే మోసం మొదలవుతుంది.

వెంట్రుక పైపొరలో సన్నని పొలుసులుంటాయి. అవి పెంకుటింటి కప్పులాగా ఒకదాని మీద ఒకటి, కుదురు నుంచి కొస వైపు పరుచుకుని ఉంటాయి. పొలుసులు అణిగి, వెంట్రుకలన్నీ ఒకే దిశలో ఉంటే మీద పడ్డ వెలుగు చెదరకుండా ఒకే వైపుకు తిరిగి వస్తుంది. నడినెత్తి చుట్టూ కనిపించే మెరుపు పట్టీ అదే. పొలుసులు లేచినా, జుట్టు చిక్కుపడినా వెలుగు నలువైపులా చెదిరి జుట్టు వెలిసినట్టు కనిపిస్తుంది. నూనె గానీ, షాంపూ తర్వాత రాసే కండిషనర్ గానీ చేసే పని ఆ పొలుసుల మీద పలచని పొరలా పరుచుకోవడం. మెరుపు నిజంగానే పెరుగుతుంది, అయితే ఆ పొర ఉన్నంతసేపే.

ఇక చిత్రీకరణకు వద్దాం. ఒక కొబ్బరినూనె ప్రకటన తీస్తున్నారనుకోండి. జుట్టును ముందురోజే తలంటి ఆరబెడతారు. అప్పుడే కడిగి ఆరిన జుట్టు తేలిపోయి, సన్నని పోగులు గాల్లో లేస్తుంటాయి. నూనె రెండు మూడు చుక్కలే అరచేతుల్లో రుద్ది కొసలకు అద్దుతారు. అంతకు మించితే పాయలు అతుక్కుని జిడ్డుగా కనిపిస్తాయి. ఒక దీపాన్ని తలకు ఎదురుగా, కాస్త ఎత్తులో పెడితే మెరుపు పట్టీ పడుతుంది. వెనక నుంచి మరో దీపం జుట్టు అంచుల్ని వెలిగిస్తుంది. అది లేకపోతే నల్లజుట్టు ముదురు రంగు తెరలో కలిసిపోతుంది. జుట్టు లేవడానికి కింద ఒక పక్కగా పెట్టిన ఫ్యాన్ చాలు.

ఆ మెత్తని కదలికంతా కెమెరా వేగం వల్ల వస్తుంది. సెకనుకు 100 ఫ్రేములు తీసి 25 చొప్పున చూపిస్తే ఒక్క సెకను కదలిక నాలుగు సెకన్లు సాగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. 120 ఫ్రేములతో తీస్తే ఆ మినుకు తెర మీద కనిపించే ప్రమాదముంది. అందుకే అలాంటి వెలుగులో 100 ఫ్రేములే మేలు. ఇదంతా అలంకరణే. జుట్టు అందంగా ఉందని చూపడమే తప్ప, నూనె ఏదో సాధించిందని ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు.

‘ముందు–తర్వాత’ ఫొటోల్లో ఆ మాటే వస్తుంది. వాటిని చూసేటప్పుడు జుట్టును కాసేపు పక్కన పెట్టి, ముఖం మీద నీడ ఎటు పడిందో, గోడ రంగు ఒకటేనా అన్నది గమనించండి. మొదటి ఫొటోలో దువ్వని తల, మసక వెలుతురు, ముడిచిన మొహం. రెండోదానిలో డ్రయ్యర్‌తో సాపు చేసిన జుట్టు, వెనక దీపం, చిరునవ్వు ఉంటే, అక్కడ మారినవి చాలా ఉన్నాయి. నూనె ఏం చేసిందో ఎలా తెలుస్తుంది?

పొడవు పెరిగిందనే ప్రకటనను మామూలు లెక్కతోనే తేల్చవచ్చు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. భుజం నుంచి నడుము దాకా దాదాపు 40 సెంటీమీటర్లు అనుకుంటే, అంత పెరగడానికి మూడేళ్లకు పైగా పడుతుంది. ‘ఎనిమిది వారాల్లో’ అంటూ ఆ రెండు పొడవులూ చూపిస్తే, రెండో ఫొటోలో ఉన్నది సవరమైనా కావాలి, మరొకరి తలైనా కావాలి.

చిన్న అక్షరాల వివరణ ఈ అబద్ధాన్ని సరిచేయదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలు ఈ సంగతి స్పష్టంగా చెప్పాయి. ప్రకటన ఏ భాషలో ఉంటే వివరణా అదే భాషలో ఉండాలని కూడా అన్నాయి. తెలుగులో గొప్ప చెప్పి, అడుగున ఇంగ్లిష్‌లో షరతు పెట్టడం ఆ నియమానికి విరుద్ధం.

తేడా చూపాలనుకునే కంపెనీకి నిజాయతీ గల దారి ఉంది. నడినెత్తిన పాపిడి తీసి, ఒక సగానికే నూనె రాసి, రెండు వైపులా ఒకేలా దువ్వి, దీపాన్ని సరిగ్గా మధ్యలో ఉంచి ఒకే ఫ్రేములో తీయాలి. తర్వాత దీపాన్ని ఎడమకు జరిపి ఒకటి, కుడికి జరిపి ఇంకొకటి తీయాలి. మెరుపు దీపంతో పాటు పక్క మారితే అది దీపానిదే. దీపం ఎటున్నా నూనె రాసిన సగమే ఎక్కువ మెరిస్తే ఆ తేడా నూనెది. ఆ తేడా చిన్నదిగానే కనిపించవచ్చు. ప్రకటనలో చెప్పుకోదగ్గది అంతే.