షష్టిపూర్తి వీడియో ఫోన్‌లోనా, కంప్యూటర్‌లోనా?

నాన్న షష్టిపూర్తి రోజు ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేయడానికి ఒక ఇంట్లో నాలుగు నిమిషాల వీడియో కావాలనుకుందాం. కొత్తగా తీసేదేమీ లేదు. అమ్మాయి ఫోన్లో పదిహేను క్లిప్పులున్నాయి, అన్నయ్య ఐఫోన్లో ఆరున్నాయి, బీరువాలో అమ్మానాన్నల పాత పెళ్లి డీవీడీ ఉంది. ఏ యాప్ వాడాలో తేల్చేది ఈ జాబితానే.

ముందు అన్నయ్య క్లిప్పులు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోయి వస్తుంది. ఫోన్ తెర మీద అది తెలియదు కానీ హాల్లో ముఖాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అదే ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపితే తీసినది తీసినట్టే చేరుతుంది.

ఉన్నవన్నీ ఫోన్ క్లిప్పులే అయితే పని ఫోన్లోనే తేలిక. అనవసరమైన ముక్కలు కత్తిరించడం, వరస మార్చడం, కింద ఒక పాట పెట్టడం వరకు వీఎన్ లాంటి ఉచిత యాప్ చాలు. కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే వీడియో మీద దాని ముద్ర పడుతుంది. అందుకే ఏ యాప్‌లోనైనా మొదట పది సెకన్ల ముక్క ఎక్స్‌పోర్ట్ చేసి చూసుకోవాలి. తెర అడ్డంగా ఉంటుంది కాబట్టి మొదట్లోనే 16:9 ఎంచుకోవాలి. నిలువుగా తీసినవాటికి పక్కల నల్లపట్టీలు రాకుండా వెనక బ్లర్ పెట్టుకోవచ్చు.

చిక్కు డీవీడీతోనే.

అందులోని వీడియో VOB ఫైళ్లుగా ఉంటుంది. ఫోన్ గ్యాలరీ సాధారణంగా వాటిని చూపించదు. డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్లో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో MP4గా మార్చుకుంటే, ఆ ముక్కను మళ్లీ ఫోన్లోకి తెచ్చుకోవచ్చు. అంటే ఈ ఇంటికి కంప్యూటర్ కావాల్సింది ఆ ఒక్క పనికే.

బంధువుల మాటలు చాలా ఉండి, ప్రతి మాట దగ్గరా పాట తగ్గి మళ్లీ పెరగాలంటే మాత్రం ఎడిటింగ్ అంతా కంప్యూటర్లో చేయడమే నయం. పెద్ద తెర మీద పాట, మాట వేర్వేరు వరసల్లో స్పష్టంగా కనిపిస్తాయి. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ముద్ర వేయదు కానీ సాధారణ ల్యాప్‌టాప్ మీద మొరాయిస్తుంది. షాట్‌కట్ అంత బరువైనది కాదు.

కంప్యూటర్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేములు వెలుతురును బట్టి మారుతుంటాయి. దానివల్ల కొన్నిసార్లు క్లిప్ మొదట్లో సరిగ్గానే ఉన్న పెదవులూ మాటలూ చివరికొచ్చేసరికి విడిపోతాయి. అలాంటి ఫైలు పెట్టగానే షాట్‌కట్, ఎడిటింగుకు వీలుగా మార్చమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే డిస్కులో చోటు ఎక్కువ పడుతుంది, మాట మాత్రం పెదవిని వదలదు.

రెండింటిలోనూ వర్తించే జాగ్రత్త ఒకటుంది. ఎడిటింగ్ పూర్తికాకముందే అసలు క్లిప్పులు డిలీట్ చేస్తే ప్రాజెక్టులో ఆ చోట్లు ఖాళీ అవుతాయి. చివరికి 1080p MP4గా ఎక్స్‌పోర్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ముందురోజే హాల్లోని తెర మీద ఆడించి చూడాలి.