డబ్బు కట్టినా రాని కాగితం

ఏప్రిల్ మొదలైతే మా చిన్న పట్టణాల బజార్లలో వ్యాపారులు ఒకరినొకరు అడిగే మాట ఒకటే: "మీ లైసెన్సు వచ్చిందా?" టిఫిన్ హోటళ్లు, పిండిమరలు, వెల్డింగు షాపులు ఏటా మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలి. పాతవాళ్లు దీన్నే డీ అండ్ ఓ లైసెన్సు అంటారు. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో మామూలుగా మార్చి 31తో దాని గడువు తీరుతుంది. ముందే ఫీజు కట్టినవాళ్లలో కూడా కొందరికి కాగితం నెలల తరబడి రాదు. ఈలోగా శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి లైసెన్సు చూపించమంటారు. ఓవర్‌డ్రాఫ్టు పొడిగించాలంటే బ్యాంకు కాపీ తెమ్మంటుంది. రసీదు చూపిస్తే సరిపోదు, అది డబ్బు ముట్టిందనడానికి రుజువే తప్ప అనుమతి కాదు. ఆఫీసుకెళ్లి అడిగితే వచ్చే జవాబు, "ప్రాసెస్‌లో ఉందమ్మా, మళ్లీ రండి."

ఎక్కడ ఆగిందో తెలియకపోవడమే అసలు కష్టం. ఫైలు ఆగడానికి కారణాలు చాలావరకు చిన్నవి. ఖాతాలోంచి డబ్బు పోతుంది, కానీ ఆ చెల్లింపు దరఖాస్తుకు జమపడదు. బ్యాంకు స్టేట్‌మెంటులో డెబిట్ ఉండి, పోర్టల్‌లో రసీదు నంబరు కనపడలేదంటే జరిగింది ఇదే. అప్పుడు కంగారుపడి రెండోసారి కట్టకూడదు, వాపసు రాబట్టుకోవడం ఇంకో తలనొప్పి. ఇంకో కారణం, షాపు ఉన్న భవనానికి ఇంటి యజమాని ఆస్తి పన్ను బాకీ పడటం. ఆ బాకీ చూపి కొన్నిచోట్ల ఫైలు పక్కన పెడతారు. ఆ సంగతి అద్దెకున్న వ్యాపారికి ఎవరూ చెప్పరు. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

ఒక టిఫిన్ హోటలు సంగతే చూద్దాం. నడిపేది ఒకావిడ. ఫిబ్రవరి 20న ఫీజు కట్టారు, జూన్ వచ్చినా లైసెన్సు రాలేదు. "నా లైసెన్సు ఇంకా రాలేదు, దయచేసి చూడండి" అని మెయిల్ పెడితే దానికీ "ప్రాసెస్‌లో ఉంది" అనే జవాబే వస్తుంది. అలా తప్పించుకునే వీల్లేకుండా, చూపు కారణం మీద, తేదీ మీద నిలిచేలా అడగాలి. తెలుగులో రాయడానికి సంకోచం అక్కర్లేదు, 1966 నాటి చట్టం ప్రకారం తెలుగు అధికార భాషే. ఆవిడ ఇలా రాయొచ్చు:

విషయం: ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ – దరఖాస్తు నంబరు ........ – ప్రస్తుత స్థితి తెలుపుట గురించి

మున్సిపల్ కమిషనర్ గారికి,
నమస్కారములు. నేను ........ వార్డులో, డోర్ నంబరు ........ లో టిఫిన్ హోటలు నడుపుతున్నాను. పాత లైసెన్సు నంబరు ........, గడువు మార్చి 31తో ముగిసినది. రెన్యువల్ కొరకు ఫిబ్రవరి 20న ఫీజు చెల్లించితిని. రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, పాత లైసెన్సు ప్రతులు జతచేయుచున్నాను.
నా దరఖాస్తు ప్రస్తుతం ఏ అధికారి వద్ద, ఏ తేదీ నుండి ఉన్నది? చెల్లించిన ఫీజు దరఖాస్తుకు జమ అయినదా? తనిఖీలో గానీ, ఆస్తి పన్ను విషయంలో గానీ అభ్యంతరం ఉన్నచో అది ఏమిటి? ఈ వివరములు లిఖితపూర్వకంగా తెలియజేయవలసినదిగా కోరుచున్నాను.
ఇట్లు,
(పేరు, ఫోన్ నంబరు)

ఇందులో ఫిర్యాదు లేదు, బతిమాలడం లేదు. ప్రతి ప్రశ్నకూ ఫైలు తెరిచి చూస్తేనే జవాబు దొరుకుతుంది. ఫీజు జమ కాలేదని తేలితే స్టేట్‌మెంటు ఇప్పటికే వాళ్ల చేతిలో ఉంటుంది. పన్ను బాకీ అని తేలితే ఆవిడ ఆ జవాబు పట్టుకుని ఇంటి యజమాని దగ్గరకు వెళ్లొచ్చు.

మెయిల్ పంపి ఊరుకోకూడదు. చాలా ఆఫీసుల్లో ఆ మెయిల్ పెట్టె రోజూ తెరవరు. అదే ఉత్తరాన్ని ప్రింటు తీసి తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, మన కాపీ మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. అది ఉంటే ఉత్తరం అందలేదనే మాట రాదు.

అప్పటికీ జవాబు లేకపోతే, అవే ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద ఆ ఆఫీసు పౌర సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో పంపొచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబమైతే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ గడువు తీరిన 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. ఈ చట్టం లైసెన్సు ఇప్పించదు, ఫైలు ఎవరి దగ్గర ఎందుకు ఆగిందో చెప్పిస్తుంది. ఆవిడకు జూన్‌లో ముందుగా కావలసింది ఆ జవాబే.