రిక్రూటర్‌కు రెండు వందల అక్షరాల పరిచయం

లింక్డ్‌ఇన్‌లో ముక్కూమొహం తెలియని రిక్రూటర్‌కు కనెక్షన్ రిక్వెస్ట్ పంపేటప్పుడు దానికి చిన్న నోట్ జోడించవచ్చు. ఉచిత ఖాతాల్లో ఈ నోట్ 200 అక్షరాలు దాటకూడదు. పదాల మధ్య ఖాళీలు, చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. పైగా నెలకు కొద్దిమందికే ఇలా రాయనిస్తారు. అందుకే ఎవరికి పంపాలో ముందే తేల్చుకోవాలి.

కోరుకున్న కంపెనీలో పనిచేసే రిక్రూటర్లందరూ ఒకే విభాగానికి మనుషుల్ని వెతకరు. ఒకరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చూస్తే, మరొకరు ప్లాంటు ఉద్యోగాలు చూస్తారు. ఎవరు ఏది చూస్తున్నారో వారి ప్రొఫైల్‌లోనూ, ఇటీవల పెట్టిన ప్రకటనల్లోనూ తెలుస్తుంది. నోట్ పంపేముందే కంపెనీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయడం మేలు. అప్పుడు చేతిలో జాబ్ ఐడీ ఉంటుంది. రిక్రూటర్ తన కంప్యూటర్‌లో ఆ నంబరు కొట్టగానే ఖాళీ వివరాలు, వచ్చిన దరఖాస్తులు కనిపిస్తాయి.

పరవాడ ఫార్మా యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్న అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి మారాలనుకుందని అనుకుందాం. ‘‘మీ కంపెనీలో ఖాళీలుంటే చెప్పండి, నా రెజ్యూమే చూడండి’’ అని రాస్తే ఏ ఉద్యోగమో, ఏం అనుభవమో రిక్రూటరే ఆరా తీయాలి. పైగా కనెక్షన్ నోట్‌కు ఫైలు జోడించే వీలు లేదు కాబట్టి రెజ్యూమే అక్కడ ఉండదు. అదే నోట్‌ను ఇలా రాయవచ్చు:

‘‘నమస్తే మేడమ్. క్యూసీ అనలిస్ట్ ఉద్యోగానికి (జాబ్ ఐడీ 4127) దరఖాస్తు చేశాను. పరవాడలో హెచ్‌పీఎల్‌సీ పరీక్షల్లో 3 ఏళ్ల అనుభవం. నోటీస్ పీరియడ్ 30 రోజులు. ఈ ఉద్యోగం విషయమై కనెక్ట్ కాగోరుతున్నాను.’’

సాధారణంగా ఇంగ్లిష్‌లో రాసే ఈ నోట్ 200 అక్షరాల్లో ఇమిడిపోతుంది. ఏ ఉద్యోగం, ఏ అనుభవం, ఎప్పటికి చేరగలరు అన్న మూడు ప్రశ్నలకూ ఇందులో జవాబుంది. ఇది ఉద్యోగం ఇమ్మని అడగడం లేదు, కనెక్ట్ కావడం వరకే అడుగుతోంది. కుటుంబ ఇబ్బందులు, కంపెనీ మీద పొగడ్తలు రాస్తే ఈ మూడింటికి చోటు మిగలదు.

రిక్వెస్ట్ అంగీకరించాక మామూలు సందేశంలో రెజ్యూమే పంపవచ్చు. వారం దాటినా జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేస్తే చాలు. అసలు రిక్వెస్టే అంగీకరించకపోతే అది పంపిన ఆహ్వానాల జాబితాలో పెండింగ్‌గానే కనిపిస్తుంది. నోట్ బాగా రాయలేదని వెంటనే వెనక్కి తీసుకుంటే, అదే వ్యక్తికి మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి రావచ్చు. కాబట్టి పంపేముందే పేరు, జాబ్ ఐడీ సరిచూసుకోవాలి.

ఈ నోట్ దరఖాస్తుకు బదులు కాదు, అర్హత లేని ఉద్యోగాన్ని తెచ్చిపెట్టదు. అర్హత ఉన్న దరఖాస్తును రిక్రూటర్ ఒకసారి తెరిచి చూసేలా చేయడమే దీని పని.